ట్విస్ట్ తీసేస్తే ఏం మిగులుతుంది?

‘‘దీనికి రెండో పార్ట్ ఉందా?’’ అని అడిగాడు మా బావ.

అప్పుడే ‘చైనాటౌన్’ అయిపోయి తెర మీద పేర్లు పడుతున్నాయి. చూడమని చెప్పింది నేనే. నిజానికి 1990లో దానికి రెండో భాగం వచ్చింది గానీ, బావ అడిగింది దాని గురించి కాదు. సినిమా ఇక్కడ ఆగిపోవడానికి వీల్లేదని అతని బాధ. హీరోయిన్ చచ్చిపోయింది. ముసలి విలన్ ఆవిడ కూతుర్ని పట్టుకుని తీసుకుపోతున్నాడు. రెండు గంటలపాటు కష్టపడి నిజం మొత్తం బయటికి లాగిన డిటెక్టివ్ ఏమీ చేయలేక నిలబడి చూస్తున్నాడు. విలన్‌ని అరెస్ట్ చేయడం మాట అటుంచి, అడిగేవాడు కూడా లేడు.

‘‘మంచి క్రైమ్ థ్రిల్లర్ అన్నావు కదరా’’ అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతులో నిజంగానే కోపం ఉంది.

తప్పు నాదే. సినిమా చెడ్డది కాదు, బావకి అర్థం కాకపోవడమూ కాదు. నేను చెప్పిన మాట వల్ల అతను ఒకటి ఆశించి కూర్చున్నాడు, సినిమా ఇంకొకటి ఇచ్చింది. ‘నియో నోయర్’ అని చెప్పి, అంటే ఏమిటో రెండు ముక్కల్లో వివరించి ఉంటే ఆ ముగింపు అతనికి మోసంలా కాక దెబ్బలా తగిలేది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

అప్పట్నుంచీ ఓటీటీలో సినిమా కింద కనిపించే ఈ పేర్లని కాస్త అనుమానంగా చూస్తున్నాను. ముఖ్యంగా రెండింటిని: నియో నోయర్, సైకలాజికల్ థ్రిల్లర్. రాత్రి, వర్షం, రంగురంగుల లైట్లు కనిపిస్తే మొదటి పేరు తగిలిస్తున్నారు. చివర్లో ఊహించని మలుపు ఉంటే రెండోది. రెండూ ఉంటే రెండు పేర్లూ. నా వాదన ఏమిటంటే, ఈ రెండు పేర్లలో ఏదీ మీకు ట్విస్ట్ ఇస్తానని మాట ఇవ్వదు. ట్విస్ట్ ముందే తెలిసిపోయినా సినిమాలో ఏం మిగులుతుందో దాన్నిబట్టే అది ఏ రకమో తేలుతుంది. ఈ మాట గట్టిగా చెప్పాలంటే కొన్ని పాత సినిమాల ముగింపులు బయటపెట్టక తప్పదు. ‘చైనాటౌన్’ది ఎలాగూ చెప్పేశాను. ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘బాడీ హీట్’, ‘గ్యాస్‌లైట్’, ‘వెర్టిగో’, ‘మెమెంటో’ ఇంకా చూడనివాళ్ళు ఇక్కడ ఆగి, చూశాక రండి.

ముందు నోయర్. ఫ్రెంచిలో నలుపు అని అర్థం. వాళ్ళ ఉచ్చారణ ‘న్వార్’కి దగ్గరగా ఉంటుంది గానీ, మనం ఎలా పలికినా కొంపలేమీ మునగవు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ ఉన్నన్నాళ్ళూ ఫ్రాన్స్‌లోకి అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం అయ్యాక, ఆగిపోయినవన్నీ 1946లో ఒక్కసారిగా పారిస్ థియేటర్లలోకి వచ్చిపడ్డాయి. వరసపెట్టి చూసిన అక్కడి విమర్శకులకి వీటిలో కొన్ని మిగతావాటిలా లేవని అనిపించింది. నేరం ఉంది, కానీ నేరస్థుడిని పట్టుకోవడం మీద ఆసక్తి లేదు. ఆ నేరంలోకి మనిషి ఎలా దిగజారాడన్నదే కథ. నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఆ ఏడాదే వాటిని ‘ఫిల్మ్ నోయర్’ అన్నాడు. తమాషా ఏమిటంటే వాటిని తీసినవాళ్ళకి ఆ పేరే తెలియదు. వాళ్ళ దృష్టిలో అవి క్రైమ్ సినిమాలో, మెలోడ్రామాలో. పేరు బయటినుంచి, తర్వాత వచ్చింది.

ఆ సినిమాల్లో ఒకటి బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’, 1944 నాటిది. వాల్టర్ నెఫ్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఒక ఇంటికి కారు పాలసీ రెన్యూవల్ కోసం వెళ్తాడు. ఇంటాయన ఉండడు, భార్య ఫిలిస్ ఉంటుంది. మొగుడికి తెలియకుండా అతని పేరు మీద ప్రమాద బీమా తీసుకోవచ్చా అని ఆవిడ మాటల్లో అడుగుతుంది. ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో నెఫ్‌కి తెలియంది కాదు, అతని ఉద్యోగమే అది. అర్థమైపోయి, కోపంగా లేచి వెళ్ళిపోతాడు కూడా. ఆ సాయంత్రం ఆవిడే అతని గదికి వస్తుంది. అప్పుడు సరే అంటాడు. ఊరికే సరే అనడం కాదు, రైలు ప్రమాదంలో చనిపోతే పాలసీ డబ్బు రెట్టింపు వస్తుంది కాబట్టి అలాగే చేద్దామని ప్లాన్ మొత్తం తనే వేస్తాడు.

ఇదంతా మనకి ఎలా తెలుస్తుంది? సినిమా మొదట్లోనే నెఫ్ తూటా గాయంతో తన ఆఫీసుకొచ్చి, డిక్టేషన్ రికార్డు చేసే యంత్రం ముందు కూర్చుని, చంపింది నేనే, డబ్బు కోసం, ఆడమనిషి కోసం, చివరికి రెండూ దక్కలేదని చెప్పేస్తాడు. హంతకుడెవరో, ఎందుకు చంపాడో, పథకం పారిందో లేదో అన్నీ మొదటి కొన్ని నిమిషాల్లోనే తెలిసిపోయాయి. ఇక సస్పెన్స్ ఎక్కడుంది? అయినా మనం కుర్చీలోంచి కదలం. ఎందుకంటే మనం చూస్తున్నది ‘ఏం జరుగుతుంది’ అని కాదు, ‘ఇక్కడైనా ఆగిపోవచ్చు కదా’ అని. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరగడానికి నెఫ్‌కి దారి ఉంటుంది. ప్రతిసారీ అతను ముందుకే పోతాడు.

నా లెక్కలో నోయర్‌కి గుండెకాయ ఇదే: వద్దనగలిగిన మనిషి, తెలిసి, సరే అనడం. టోపీలు, సిగరెట్ పొగ, కిటికీ పట్టీల నీడలు ఇవన్నీ దాని బట్టలు. బట్టలు మారతాయి.

మరి దీనికి ‘నియో’ ఎప్పుడు తగిలింది? కొత్తగా వచ్చింది కాబట్టి నియో అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. ఆ రోజుల్లో హాలీవుడ్‌కి ప్రొడక్షన్ కోడ్ అని ఒక నియమావళి ఉండేది. 1930లో రాసుకున్నారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపించకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. అందుకే పాత నోయర్ ఎంత నల్లగా ఉన్నా చివరికి లెక్క సరిచేయాల్సిందే. ‘డబుల్ ఇండెమ్నిటీ’లో ఫిలిస్ చస్తుంది, నెఫ్ పారిపోలేక ఆఫీసు గుమ్మం దగ్గరే కూలబడతాడు. అతన్ని గ్యాస్ చాంబర్‌లో పెట్టి చంపే సన్నివేశం కూడా వైల్డర్ తీశాడు, తర్వాత అక్కర్లేదనిపించి తీసేశాడు. 1968లో ఆ కోడ్ పోయి, దాని స్థానంలో వయసుని బట్టి ఇచ్చే రేటింగులు వచ్చాయి. ఇక శిక్ష తప్పనిసరి కాదు.

దీని ఫలితం ఏమిటో కళ్ళకి కట్టినట్టు చూడాలంటే ‘డబుల్ ఇండెమ్నిటీ’ పక్కన 1981లో వచ్చిన ‘బాడీ హీట్’ పెట్టి చూడాలి. దాదాపు అదే అల్లిక. ఏజెంటు బదులు లాయరు, అదే అసంతృప్తితో ఉన్న భార్య, అదే అడ్డుగా ఉన్న మొగుడు, అదే హత్య. కానీ ఇందులో చివరికి లాయరు జైల్లో కూర్చుని, తనని ఎంత పద్ధతిగా వాడుకున్నారో ఒక పాత హైస్కూల్ ఇయర్‌బుక్ తిరగేసి అర్థం చేసుకుంటాడు. ఆవిడేమో ఎక్కడో దూరదేశపు సముద్రం ఒడ్డున ఎండ కాగుతూ ఉంటుంది. 1944లో ఈ ముగింపు తీయనిచ్చేవాళ్ళు కాదు. పైగా ఈ సినిమాకి తన ముందు తరం సినిమాలు తెలుసు, మనకి కూడా తెలుసని దానికి తెలుసు. ఆవిడ గుమ్మంలో కనపడగానే ‘వీడి పని అయిపోయింది’ అని మనకి అనిపించాలనే కోరుకుంటుంది. నియో అంటే నాకు అర్థమైనంతలో ఈ రెండే: శిక్ష గ్యారంటీ లేకపోవడం, పాత ఆట తెలిసి మళ్ళీ ఆడటం.

ఇప్పుడు మా బావ కోపం దగ్గరికి వెళ్దాం. ‘చైనాటౌన్’ కథ 1937 లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. చాలా భాగం పట్టపగలు, మాడ్చే ఎండలో. ఊరికి నీళ్ళ కరువు అనే కథలో వర్షం ఎక్కడినుంచి వస్తుంది? (వర్షం, నియాన్ లైట్లే నియో నోయర్ అనే భ్రమకి 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ కొంత కారణమని నా అనుమానం. ఆ సినిమా లుక్‌ని తర్వాత అందరూ తీసుకున్నారు, లోపలి బాధని మాత్రం వదిలేశారు.) గిట్టెస్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ ఒక హత్య వెనక ఉన్న నీళ్ళ కుంభకోణాన్ని, ఒక కుటుంబం దాచుకున్న ఘోరాన్ని తవ్వి తీస్తాడు. గమనించండి, అతను కేసు ఛేదించాడు. అతనికి తెలియని నిజం అంటూ ఏమీ మిగల్లేదు. మామూలు డిటెక్టివ్ కథలో నిజం తెలిస్తే న్యాయం దానంతటదే జరుగుతుంది, హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ‘హంతకుడు వీడే’ అంటే చాలు. ఇక్కడ గిట్టెస్ తెలివి మీద ఉన్న నమ్మకంతో, చేతిలో సాక్ష్యంతో విలన్‌ని ఒంటరిగా నిలదీస్తాడు. విలన్ మనిషి ఆ సాక్ష్యాన్ని లాక్కుంటాడు. పైగా ఎవరినైతే కాపాడాలనుకున్నాడో వాళ్ళు దాక్కున్న చోటికి గిట్టెస్‌తోనే దారి చూపించుకుంటారు. అతను ఊరుకుని ఉంటే ఆవిడ బతికేదేమో.

స్క్రిప్టు రాసిన రాబర్ట్ టౌన్ ఈ ముగింపు కోరుకోలేదు. ఆవిడ విలన్‌ని చంపి, కూతుర్ని కాపాడుకునేలా ఉండాలన్నాడు. దర్శకుడు పోలాన్‌స్కీ ఒప్పుకోలేదు. టౌన్ అనుకున్నట్టు తీసి ఉంటే మా బావ చప్పట్లు కొట్టేవాడు, నా మాట నిలబడేది. కానీ అప్పుడది మంచి క్రైమ్ థ్రిల్లర్ అయ్యుండేది, అంతే.

కాబట్టి నియో నోయర్ అని చూసి కూర్చునేవాళ్ళు ఆశించాల్సింది ఇది. కథ తేలుతుంది, మనసు తేలికపడదు. హీరో చేసే పనికి మూల్యం ఉంటుంది, అది ఒక్కోసారి అతను కాకుండా ఇంకొకరు చెల్లిస్తారు. నడక నెమ్మదిగా ఉండొచ్చు, ఎందుకంటే సినిమాకి ఛేజింగ్ కన్నా నిర్ణయాలు ముఖ్యం. మొదటి అరగంటలో ఒక సన్నివేశం కోసం చూడండి: హీరో ‘నాకెందుకు’ అని లేచి వెళ్ళిపోగలిగిన క్షణం. అది స్పష్టంగా ఉందా? అతను వెళ్ళకుండా ఉండిపోయాడా, లేదా వెళ్ళినవాడు తిరిగొచ్చాడా? అయితే మీరు నోయర్‌లో ఉన్నారు, సీన్‌లో ఎన్ని ట్యూబ్‌లైట్లు ఉన్నా సరే. అలా కాక విలన్ వచ్చి హీరో కుటుంబం జోలికి వెళ్ళి, వేరే దారి లేక హీరో కత్తి పట్టాడంటే అది వేరే సినిమా. ఎంత చీకట్లో తీసినా యాక్షన్ సినిమానే.

సైకలాజికల్ థ్రిల్లర్ దగ్గర మనకి ఇంకో చిక్కుంది, అది మాట వల్ల వచ్చిన చిక్కు. మన వాడుకలో ‘సైకో’ అంటే కత్తి పట్టుకుని తిరిగే హంతకుడు. దాంతో సైకలాజికల్ అంటే ‘సైకో ఉన్న సినిమా’ అని స్థిరపడిపోయింది. వరుస హత్యలు, గోడ మీద అతికించిన ఫొటోలు, వాటిని ఎర్రదారంతో కలిపే పోలీసాఫీసరు ఉంటే సైకలాజికల్ అనేస్తున్నాం. అందులో మనసు ఎక్కడుంది? హంతకుడికి చిన్నప్పుడు ఏదో జరిగిందని చివర్లో రెండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెడితే అది ఇన్వెస్టిగేషన్ సినిమా కాకుండా పోదు. ఆ పోలీసు చూసేది నిజమేనా అన్న అనుమానం మనకి ఒక్క క్షణం కూడా రాదు. ప్రమాదం బయట ఉంది, అతను దాని వెంట పడుతున్నాడు.

సైకలాజికల్ థ్రిల్లర్‌లో ప్రమాదం జరిగే చోటే వేరు. నేను చూస్తున్నది నమ్మవచ్చా, నాకు గుర్తున్నది జరిగిందా, నా గురించి నేను అనుకుంటున్నది నిజమా అన్నవి అక్కడి భయాలు. ప్రాణం పోవడం కన్నా ముందు తన మీద తనకి నమ్మకం పోవడం. దీనికి నాకు తెలిసిన శుభ్రమైన ఉదాహరణ 1944 నాటి ‘గ్యాస్‌లైట్’. పాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం ఆధారంగా జార్జ్ క్యూకర్ తీశాడు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చింది.

పౌలా కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. భర్త గ్రెగరీ ఆమెకి ఒక బ్రోచ్ ఇచ్చి, నీకు వస్తువులు పారేసుకునే అలవాటు కదా, జాగ్రత్త అంటాడు. అప్పటిదాకా ఆమె ఏమీ పారేసుకోలేదు. కాసేపటికి చూస్తే సంచిలో బ్రోచ్ ఉండదు. తర్వాత ఇంట్లో వస్తువులు కనపడకుండా పోవడం, అవి ఆమే దాచినట్టు బయటపడటం. అతను రోజూ రాత్రి పని ఉందని బయటికి వెళ్ళగానే ఆమె గదిలో గ్యాస్ దీపం మంట తగ్గుతుంది, పైన ఎవరో నడుస్తున్న చప్పుడు వస్తుంది. ఇంట్లో వేరే ఎక్కడైనా దీపం వెలిగిస్తే గ్యాస్ ఒత్తిడి తగ్గి ఈ దీపం మసకబారుతుందని ఆమెకి తెలుసు. కానీ ఎవరూ వెలిగించలేదంటారు. అంటే తను ఊహించుకుంటోందన్నమాట.

గ్రెగరీయే ఇదంతా చేస్తున్నాడని మనకి చాలా ముందే తెలిసిపోతుంది. సినిమా దాన్ని దాచడానికి పెద్దగా కష్టపడదు. బయటికి వెళ్ళినట్టు నటించి, వెనకనుంచి అటక మీదికి ఎక్కి, అక్కడ దీపం పెట్టుకుని నగల కోసం వెతుకుతున్నాడు. రహస్యం అంతే. అయినా ఊపిరి బిగపట్టి చూస్తాం, ఎందుకంటే మన భయం ‘ఎవరు చేస్తున్నారు’ అన్నది కాదు. ‘ఈ పిల్ల తనకి పిచ్చి అని ఎప్పుడు ఒప్పేసుకుంటుంది’ అన్నది. ఆ తర్వాత ఒక పోలీసు అధికారి ఆమె గదిలో ఉండగా దీపం తగ్గుతుంది. అతనూ తగ్గడం చూస్తాడు. అంతే, ఆ క్షణం. నన్నడిగితే సినిమా అసలు క్లైమాక్స్ అదే, తర్వాతి పట్టుకోవడాలూ పెనుగులాటలూ కాదు. ఇంకో మనిషి కూడా చూశాడు కాబట్టి ఆమె పిచ్చిది కాదు. దీపం వెలుగు కొంచెం తగ్గడమనే చిన్న విషయంతో గుండె ఆగేలా చేయగలిగితే దాన్ని సైకలాజికల్ థ్రిల్లర్ అనాలి.

ట్విస్ట్ వల్లే ఈ రకం సినిమా నిలబడుతుందనేవాళ్ళకి హిచ్‌కాక్ 1958లోనే సమాధానం చెప్పాడు. ‘వెర్టిగో’కి ఆధారమైన ఫ్రెంచి నవలలో అసలు రహస్యం చివరిదాకా బయటపడదు. సినిమాలో ఆ రహస్యాన్ని హిచ్‌కాక్ ఇంకా బోలెడు కథ ఉండగానే ప్రేక్షకుడికి చెప్పేశాడు. చనిపోయిందనుకున్న మేడెలిన్, ఇప్పుడు హీరోకి ఎదురైన జూడీ ఒకరేనని ఆమె రాసి చింపేసే ఉత్తరం వల్ల మనకి తెలుస్తుంది, హీరోకి తెలియదు. చేతిలో ఉన్న ట్విస్ట్‌ని అలా ఖర్చుపెట్టేయడం చూస్తే ఈ రోజుల్లో రైటర్లకి గుండె ఆగుతుంది. కానీ దానివల్ల ఏం వచ్చిందో చూడండి. అప్పట్నుంచీ మనం ‘ఈమె ఎవరు’ అని చూడం. బతికున్న అమ్మాయికి చచ్చిన అమ్మాయి బట్టలు, జుట్టు రంగు, ముడి అన్నీ పెట్టించుకుంటున్న ఆ మగవాడి మనసు ఎక్కడిదాకా పోతుందా అని చూస్తాం. తెలిసి చూడటం తెలియక చూడటం కన్నా భయంకరంగా ఉంటుంది.

దీన్ని కూడా బావకి చూపించాను లెండి. ‘‘మధ్యలోనే చెప్పేశాడేంట్రా, సస్పెన్స్ పోయింది’’ అన్నాడు. అప్పుడు నేను ఒక కాగితం తీసుకుని ఒకే కథని మూడు రకాలుగా చెప్పాను. అది ఇక్కడ కూడా చెప్తాను, ఎందుకంటే అతనికి తేడా పట్టుబడింది అక్కడే.

ఒక కంపెనీలో అకౌంటెంట్ ఉన్నాడు. ఎప్పుడో చనిపోయిన ఉద్యోగి పేరు మీద నెలనెలా జీతం వెళ్తోందని అతను ఒక రోజు కనిపెట్టాడు. కథ ఇంతే. ఇప్పుడు అతను ఆ డబ్బు ఎవరు తీసుకుంటున్నారో వెతకడం మొదలుపెట్టాడనుకోండి, ఒక్కో క్లూ పట్టుకుని వెళ్ళి చివరికి ఎండీ తమ్ముడిని పట్టుకున్నాడనుకోండి, అది మిస్టరీ. పేరు చెప్పేస్తే సినిమా సగం చచ్చినట్టే.

రెండో రకం. అతను ఎవరికీ చెప్పకుండా ఫైలు మూసేశాడు. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఆ తీసుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, ‘నాకూ వాటా కావాలి’ అన్నాడు. ఇక్కడినుంచి ఎవరు దొంగ అన్నది ప్రశ్నే కాదు, కథ మొదలైనప్పుడే తెలుసు. రెండు రోజులు ఆలోచించాడన్నదే అసలు విషయం. ఆ రెండు రోజుల్లో అతను పోలీసులకి చెప్పగలడు, ఊరుకోగలడు. రెండూ చేయలేదు. ఇక ఏం జరిగినా అతను తన చేతులతో రాసుకున్నదే. నియో నోయర్.

మూడో రకం. ఫైలు తిరగేస్తే ప్రతి నెలా ఆ చెల్లింపు మీద ఆమోదిస్తూ పెట్టిన సంతకం అతనిదే. ఫోర్జరీలా లేదు. పెట్టినట్టు అతనికి గుర్తు లేదు. పక్క సీటాయన్ని అడిగితే ‘మొన్న నువ్వే కదా నాకు వివరంగా చెప్పావు’ అన్నాడు. ఇక్కడ అతన్ని ఎవరూ తరమడం లేదు, ఎవరి చేతిలోనూ కత్తి లేదు. అయినా వీపు మీద చెమట పడుతుంది. సైకలాజికల్ థ్రిల్లర్. చివరికి సంతకం అతనే పెట్టాడా, ఎవరైనా ఆడిస్తున్నారా అన్నది ఎటు తేలినా సరే, మధ్యలో మనం అతని బుర్రలో ఇరుక్కుని ఉన్నామా లేదా అన్నదే లెక్క. ఆ ఇరుకు లేకుండా ఊరికే చివర్లో ‘అన్నీ అతనే చేశాడు’ అని తేల్చారంటే అది ట్విస్ట్ ఉన్న మామూలు సినిమా. అలాంటివాటిని గుర్తుపట్టడం తేలిక. రెండోసారి చూడబుద్ధి కాదు. ఇంకా మొండిగా పరీక్షించాలంటే ఆ ముగింపు తెలిసి మొదటినుంచీ చూడండి. హీరో ఒంటరిగా ఉన్న సన్నివేశాల్లో అతని ముఖంలో, అతను చూసే వస్తువుల్లో ఆ రహస్యానికి సంబంధించిన బరువు ఏమీ కనపడకపోతే, దర్శకుడు దాన్ని మనసులో కాక జేబులో పెట్టుకున్నాడన్నమాట.

ఈ మూడు కథలు విన్నాక బావ అడిగిన ప్రశ్న బాగుంది: ‘‘రెండోదీ మూడోదీ ఒకే సినిమాలో ఉండకూడదా?’’ ఉండవచ్చు, ఎందుకంటే ఈ రెండు పేర్లూ ఒకే ప్రశ్నకి సమాధానాలు కావు. నోయర్ అన్నది ఆ లోకంలో తప్పుకీ ఫలితానికీ ఉన్న సంబంధం గురించి చెప్తుంది. సైకలాజికల్ అన్నది మనం ఎక్కడ కూర్చుని చూస్తున్నాం, ఎవరి తలలోంచి చూస్తున్నాం అన్నది చెప్తుంది. ‘వెర్టిగో’ని కూడా కొందరు నోయర్‌లో కలుపుతారు, కొందరు కలపరు. ఆ గొడవలోకి నేను వెళ్ళను. రెండూ గట్టిగా ఉన్న సినిమా అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది క్రిస్టఫర్ నోలన్ 2000లో తీసిన ‘మెమెంటో’.

లెనర్డ్‌కి తలకి దెబ్బ తగిలినప్పట్నుంచీ కొత్త జ్ఞాపకాలు నిలవవు. కొన్ని నిమిషాల కింద జరిగింది కూడా మర్చిపోతాడు. పోలరాయిడ్ ఫొటోల మీద రాసుకుని, ముఖ్యమైనవి ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకుని, భార్యని చంపినవాడి కోసం వెతుకుతుంటాడు. సినిమాలో రంగుల సన్నివేశాలు వెనక్కి నడుస్తాయి, నలుపు తెలుపు సన్నివేశాలు ముందుకి నడుస్తాయి, చివర్లో రెండూ కలుస్తాయి. చాలామంది దీన్ని స్క్రీన్‌ప్లే గిమ్మిక్కు అంటారు. నాకు అలా అనిపించదు. రంగుల సన్నివేశం మొదలైన ప్రతిసారీ, దానికి ముందు ఏం జరిగిందో లెనర్డ్‌కి తెలియదు, మనకీ తెలియదు. చేతిలో సీసా ఎందుకుందో, ఎదురుగా ఉన్న మనిషి స్నేహితుడో శత్రువో మనం కూడా అతనిలాగే ఫొటో వెనక రాత చూసి తెలుసుకోవాలి. జబ్బు గురించి చెప్పకుండా జబ్బులో కూర్చోబెట్టాడు. సైకలాజికల్ అన్న మాటకి అది పూర్తి న్యాయం.

హత్యతోనే సినిమా మొదలవుతుంది, చచ్చేది టెడ్డీ అని మొదటి నిమిషాల్లోనే తెలుసు. నెఫ్ లాగా ఇక్కడా ముగింపు ముందే చేతిలో పెట్టారు. మరి చివర్లో ఏం మిగిలింది? టెడ్డీ లెనర్డ్‌కి కొన్ని మాటలు చెప్తాడు. నువ్వు వెతుకుతున్నవాడిని ఎప్పుడో చంపేశావు, మర్చిపోయావు, మళ్ళీ వెతుకుతున్నావు అని. టెడ్డీ చెప్పినదాంట్లో ఎంత నిజమో గట్టిగా తేల్చలేం. కానీ ఆ తర్వాత జరిగేదాంట్లో ఏ అనుమానమూ లేదు. లెనర్డ్ కారులో కూర్చుని, ఇంకాసేపట్లో తను ఇదంతా మర్చిపోతాడని తెలిసి, టెడ్డీ కారు నంబరుని హంతకుడి ఆనవాలుగా రాసుకుంటాడు. ఫొటో మీద ‘వీడి అబద్ధాలు నమ్మకు’ అని రాస్తాడు. రేపటి తనని తనే మోసం చేస్తున్నాడు. జ్ఞాపకం లేనిది జబ్బు వల్ల, ఆ నంబరు రాయడం మాత్రం జబ్బు వల్ల కాదు. ఆ కారులో ఉన్న కాసేపు అతనికి అన్నీ తెలుసు. నెఫ్ గదికి ఫిలిస్ వచ్చిన సాయంత్రం లాంటిదే ఆ క్షణం. రాయకుండా పోనిచ్చి ఉండవచ్చు.

మొన్న ఆ సినిమా బావతో కలిసి చూశాను. ఈసారి ముందే చెప్పాను, దొంగ దొరకడం కోసం చూడకు, వీడు ఎప్పుడు తెలిసి తప్పు చేస్తాడా అని చూడు అని. అయిపోయాక లైటు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. కారు సీను దగ్గర ఆపాడు. లెనర్డ్ ఫొటో మీద రాస్తున్నాడు.

‘‘ఇప్పుడు వీడికి అన్నీ గుర్తున్నాయి కదా?’’ అన్నాడు.

‘‘ఉన్నాయి.’’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘ఆ నీళ్ళ సినిమా మళ్ళీ పెట్టు, రేపు’’ అన్నాడు.